పులిపిరి మీద తేదీ ఉండదు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడిని ఊహించుకుందాం. వయసు 28. పెళ్లయి 5 నెలలైంది. ఒక ఉదయం స్నానం చేస్తుంటే పురుషాంగం మీద గరుకుగా ఏదో చేతికి తగిలింది. చూస్తే రెండు చిన్న బుడిపెలు. చర్మం రంగులోనే ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు. ముందు చర్మం వెనక్కి జరిపి చూస్తే లోపల మరో మూడు. అవి మెత్తగా, తడిగా, పైన చీలికలు చీలికలుగా ఉన్నాయి.

ఆ రోజంతా అతని మనసులో తిరిగింది ఒకటే ప్రశ్న. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? పెళ్లికి రెండేళ్ల ముందు అతనికి ఒక స్నేహం ఉండేది. ఆ తర్వాత భార్యే. రెండేళ్ల కిందటిది ఇప్పుడెందుకు బయటపడుతుంది అనుకున్నాడు. అయితే భార్య నుంచేనా? భార్యకు చెప్పకుండా వారం గడిపాడు. మందుల షాపులో ఆనెకాయల మందు కొనుక్కుని రాద్దామనుకున్నాడు. చేతి మీద పులిపిర్లకు ఊళ్లో సున్నం పెట్టేవాళ్లని గుర్తొచ్చి అదీ ఆలోచించాడు.

ఇతను ఊహించుకున్న మనిషే. కానీ చర్మవ్యాధుల డాక్టర్ల దగ్గరికి ఇలాంటివాళ్లు తరచూ వస్తుంటారు. ఆడవాళ్లూ వస్తారు, కాకపోతే ఇంకా ఆలస్యంగా వస్తారు. జననాంగాల మీద వచ్చే పులిపిర్లు ప్రాణం తీసే జబ్బు కాదు. వాటి వల్ల కలిగే నష్టంలో పెద్ద భాగం తొందరపడి చేసుకునే సొంత వైద్యం నుంచి, అంతకంటే తొందరపడి వేసే నిందల నుంచి వస్తుంది. ఆ రెండూ తప్పాలంటే ఈ వైరస్ నడిచే తీరు తెలియాలి.

ముందు అవి పులిపిర్లేనా?

అతను చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఎక్కువ సందర్భాల్లో దీనికి పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు. మంచి వెలుతురులో, అవసరమైతే భూతద్దంతో చూస్తే అనుభవమున్న డాక్టరు గుర్తుపట్టేస్తారు. కానీ అక్కడ కనిపించే ప్రతి బుడిపే పులిపిరి కాదు. ఆ తేడా పట్టుకోవడమే డాక్టరు మొదటి పని.

చాలామంది మగవాళ్లకు పురుషాంగం శిఖ చుట్టూ ముత్యాల వరసలాగా చిన్న చిన్న తెల్లటి బుడిపెలు ఉంటాయి. అన్నీ ఒకే సైజులో, ఒకే వరసలో ఉంటాయి. అవి జబ్బు కాదు, శరీర నిర్మాణమే. ఆడవాళ్లకు యోని ద్వారం దగ్గర లోపలి పెదవుల మీద, రెండు వైపులా సమానంగా, వేళ్లలా విడివిడిగా మెత్తటి మొలకలు ఉండొచ్చు. అవీ సహజమే. పులిపిర్లు ఇలా పద్ధతిగా ఉండవు. సైజు ఒకదానికీ మరోదానికీ పొంతన ఉండదు. ఒక్కో మొదలు నుంచి నాలుగైదు కొనలు లేస్తాయి. ముట్టుకుంటే గరుగ్గా ఉంటాయి. కొత్తవి పుడుతుంటాయి.

ఇక నడిమధ్యలో చిన్న గుంటతో నున్నగా మెరిసే బుడిపెలైతే అది మొలస్కమ్ అనే వేరే వైరస్. వెడల్పుగా, చదునుగా, తడిగా ఉంటే డాక్టరు సిఫిలిస్‌ను అనుమానిస్తారు. సిఫిలిస్ రెండో దశలో అచ్చం పులిపిర్లలా కనిపించే మచ్చలు వస్తాయి. వాటికి మందు పెన్సిలిన్ ఇంజెక్షన్. పులిపిర్లనుకుని కాల్చేస్తే పైపై మచ్చ పోతుంది, జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది. అందుకే పులిపిర్లని స్పష్టంగా కనిపిస్తున్నా సరే సిఫిలిస్‌కు, హెచ్ఐవీకి రక్తపరీక్ష చేయిస్తారు. శృంగారం ద్వారా వచ్చే ఒక జబ్బు ఉన్నచోట మరొకటి కూడా ఉండొచ్చు కాబట్టి ఈ జాగ్రత్త. అంతేగానీ రోగి నడవడిని అనుమానించి కాదు.

నల్లగా మారినా, గట్టిపడినా, పుండు పడినా, రక్తం కారినా, వైద్యానికి లొంగకపోయినా చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు. మన యువకుడికి ఆ లక్షణాలేవీ లేవు. రక్తపరీక్షలు రెండూ నెగెటివ్ వచ్చాయి. డాక్టరు చెప్పింది ఒక్క మాటే: "ఇవి పులిపిర్లే. తగ్గిపోతాయి. కానీ కొంచెం ఓపిక పట్టాలి."

ఎప్పుడు అంటుకుంది, ఎవరి నుంచి?

ఈ పులిపిర్లకు కారణం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. పొట్టిగా హెచ్‌పీవీ. ఇది ఒకటి కాదు, 200కు పైగా రకాలు. శాస్త్రజ్ఞులు వాటికి పేర్ల బదులు నంబర్లు ఇచ్చారు. చేతులకు, పాదాలకు పులిపిర్లు తెచ్చే రకాలు వేరు. జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లలో దాదాపు 90 శాతం 6, 11 నంబర్ల వల్లే వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు 16, 18 నంబర్లు. ఆ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండే మూలం. అంటే పులిపిర్లు తెచ్చే రకాలు, క్యాన్సర్ తెచ్చే రకాలు వేర్వేరు. కనిపించిన పులిపిరి ముదిరి క్యాన్సర్‌గా మారుతుందని భయపడాల్సిన పని లేదు.

వైరస్ చర్మం నుంచి చర్మానికి పాకుతుంది. రాపిడికి చర్మం మీద కంటికి కనిపించని గీతలు పడతాయి. వాటిలోంచి వైరస్ చర్మం అట్టడుగు పొరలోకి చేరుతుంది. రక్తంలోకి వెళ్లదు. జ్వరం తేదు. కణాలను పగలగొట్టి గోల చేయదు. అందుకే మన రోగనిరోధక వ్యవస్థకు చాలాకాలం దాని ఉనికే తెలియదు. ఆ పొరలో కణాలు ఎక్కువెక్కువగా పెరగడం మొదలైతే కొన్నాళ్లకు బుడిపెగా పైకి లేస్తుంది.

ఆ కొన్నాళ్లు అనేది ఎంత? సాధారణంగా రెండు, మూడు నెలలు పడుతుంది. కానీ కొందరికి కొన్ని వారాలే పడుతుంది, మరికొందరికి ఏడాది దాటుతుంది, ఇంకొందరికి ఏళ్లు కూడా గడవొచ్చు. వైరస్ ఒంట్లో చేరినవాళ్లలో చాలామందికి అసలు బుడిపెలే రావు. వాళ్లకు తెలియకుండానే వస్తుంది, తెలియకుండానే ఎదుటివాళ్లకు అంటుకుంటుంది, తెలియకుండానే ఏడాది రెండేళ్లలో పోతుంది. శృంగార జీవితం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం హెచ్‌పీవీ సోకుతుంది.

ఇప్పుడు మన యువకుడి ప్రశ్నకు వద్దాం. రెండేళ్ల కిందటి స్నేహం నుంచి వచ్చి ఉండొచ్చు. భార్య నుంచి వచ్చి ఉండొచ్చు. ఆమెకు పెళ్లికి ముందు ఒక్క పరిచయం ఉన్నా ఆమెకే తెలియకుండా ఒంట్లో ఉండి ఉండొచ్చు. లేదా అతనికే ముందునుంచీ ఉండి, ఇప్పటికే ఆమెకు అంటుకుని ఉండొచ్చు. వీటిలో ఏది నిజమో తేల్చే పరీక్ష లేదు. మగవాళ్లకు హెచ్‌పీవీ సోకిందో లేదో చూసే ప్రామాణిక పరీక్షే లేదు. ఆడవాళ్లకు చేసే హెచ్‌పీవీ పరీక్ష క్యాన్సర్ తెచ్చే రకాల కోసం ఉద్దేశించింది. పులిపిర్లు ఎవరిచ్చారో అది చెప్పదు. కాబట్టి పులిపిరిని సాక్ష్యంగా చూపించి "నువ్వు నన్ను మోసం చేశావు" అనడానికి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. ఈ ఒక్క సంగతి తెలియక విడిపోయేదాకా వెళ్లే జంటలకు డాక్టర్లు గంటల తరబడి ఇదే వివరించాల్సి వస్తుంది.

కండోమ్ రక్షణ ఇస్తుంది, కానీ పూర్తిగా కాదు. అది కప్పని చోట చర్మం చర్మానికి తగులుతుంది కదా. కొత్తగా శృంగార జీవితం మొదలుపెట్టిన అమ్మాయిలను గమనించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, భాగస్వామి ప్రతిసారీ కండోమ్ వాడినవాళ్లలో హెచ్‌పీవీ సోకడం సుమారు 70 శాతం తగ్గింది. మిగతా సుఖవ్యాధుల నుంచి కాపాడటంలో దాని పాత్ర ఎలాగూ ఉంది. ఇక టాయిలెట్ సీటు, ఈతకొలను, బస్సు సీటు నుంచి అంటుకుంటుందన్న భయం పెట్టుకోవద్దు.

పసిపిల్లలకు జననాంగాల దగ్గర పులిపిర్లు కనిపిస్తే మాత్రం పిల్లల డాక్టరుకు తప్పకుండా చూపించాలి. పుట్టేటప్పుడు తల్లి నుంచి రావొచ్చు. చేతి పులిపిర్ల నుంచీ రావొచ్చు. లైంగిక వేధింపు జరిగిందేమో కూడా జాగ్రత్తగా చూడాల్సి ఉంటుంది.

వైద్యం: ఇంట్లో రాసుకునేవి, ఆసుపత్రిలో చేసేవి

ముందుగా ఒక నిజం చెప్పుకోవాలి. ఏ వైద్యమైనా పులిపిరిని తీసేస్తుందే గానీ, చుట్టూ చర్మంలో ఉన్న వైరస్‌ను పూర్తిగా తుడిచిపెట్టదు. ఆ పని శరీరమే చేయాలి. చాలామందిలో నెలల్లో చేస్తుంది. వైద్యం లేకుండానే కొన్ని పులిపిర్లు రాలిపోతాయి, కొన్ని అలాగే ఉంటాయి, కొన్ని పెరుగుతాయి. అందుకే చిన్నవి, కొద్దిగా ఉన్నప్పుడు కొంతకాలం వేచి చూడటం కూడా తప్పు కాదు. మన యువకుడు మాత్రం తీయించుకోవాలనే అనుకున్నాడు.

డాక్టరు అతని ముందు రెండు దారులు పెట్టారు. ఇంట్లో రాసుకునేవాటిలో ఒకటి పోడోఫిల్లోటాక్సిన్ 0.5 శాతం ద్రవం. పులిపిరి మీద మాత్రమే, పుల్లతో చుక్కలా, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, వరసగా 3 రోజులు రాయాలి. తర్వాత 4 రోజులు ఏమీ రాయకూడదు. ఇది ఒక విడత. ఇలా 4 విడతల వరకు, అంటే నెల రోజులు. ఆ 4 రోజుల విరామంలోనే చర్మం కోలుకుంటుంది. త్వరగా తగ్గాలని విరామం లేకుండా రాస్తే పుండు పడుతుంది. రెండోది ఇమిక్విమోడ్ 5 శాతం క్రీము. ఇది పులిపిరిని నేరుగా కాల్చదు. అక్కడి రోగనిరోధక శక్తిని మేల్కొలుపుతుంది. వారానికి 3 రాత్రులు రాసి, 6 నుంచి 10 గంటల తర్వాత సబ్బుతో కడగాలి. 16 వారాల వరకు పట్టొచ్చు. రాసినచోట ఎర్రబడటం, మంట మామూలే. ఈ క్రీము కండోమ్ రబ్బరును బలహీనపరుస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఆసుపత్రిలో చేసేవాటిలో ఎక్కువగా వాడేది ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. క్రయో అంటారు. మైనస్ 196 డిగ్రీల చలిదనం ఉన్న ద్రవాన్ని పులిపిరి మీద కొద్ది సెకన్లు తాకిస్తారు. చురుక్కుమంటుంది, తర్వాత పొక్కుతుంది, వారం పది రోజుల్లో రాలుతుంది. ఒకటి రెండు వారాలకోసారి మళ్లీ చేస్తారు. ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ అనే ఘాటైన ఆమ్లాన్ని పుల్లతో అద్దడం మరో పద్ధతి. పులిపిరి వెంటనే తెల్లబడుతుంది. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజలీన్ రాసి కాపాడతారు. పెద్దవీ, గుంపుగా ఉన్నవీ అయితే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కరెంటు సూదితో కాల్చడం, కత్తిరించడం లేదా లేజర్ చేయడం ఉంటాయి.

అన్నిటికంటే ఇదే గొప్పదని ఏ పద్ధతినీ చెప్పలేం. పులిపిర్లు ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి, రోగి ఎంత దూరం నుంచి వస్తున్నారు, ఖర్చు ఎంత భరించగలరు అన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుంది. తడిగా, మెత్తగా ఉన్నవి పూత మందులకు బాగా లొంగుతాయి. పొడిగా, గట్టిగా ఉన్నవాటికి క్రయో లేదా కాల్చడం మేలు.

మన యువకుడు పోడోఫిల్లోటాక్సిన్‌తో మొదలుపెట్టాడు. నాలుగో వారం చివరికి లోపలున్న మెత్తటి మూడూ రాలిపోయాయి. బయటి గట్టివి రెండూ కదల్లేదు. వాటికి రెండు వారాల తేడాతో రెండుసార్లు క్రయో చేశారు. పదో వారానికి చర్మం శుభ్రంగా ఉంది. పద్నాలుగో వారంలో పక్కనే ఒక కొత్తది లేచింది. అతను కుంగిపోయాడు. మందు పనిచేయలేదనుకున్నాడు. డాక్టరుకు మాత్రం అందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. వైద్యం తర్వాత మొదటి 3 నెలల్లో పులిపిర్లు తిరిగి రావడం చాలా మామూలు. చర్మంలో మిగిలిన వైరస్ మళ్లీ లేచిందే తప్ప కొత్తగా ఎవరి నుంచో వచ్చింది కాదు. మరొక్కసారి క్రయో చేశారు. ఆ తర్వాత ఆరు నెలల వరకు ఏదీ రాలేదు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆనెకాయలకు, చేతి పులిపిర్లకు అమ్మే మందులు ఇక్కడ వాడకూడదు. జననాంగాల చర్మం పలుచన, ఆ ఆమ్లం లోతుగా కాల్చేస్తుంది. సున్నం, చాకలి సోడా కూడా అంతే. మచ్చ పడుతుంది, చీము పడుతుంది. బ్లేడుతో గొరగడం వల్ల గీతలు పడి వైరస్ పక్కకు పాకుతుంది కాబట్టి తగ్గేదాకా మానాలి. పొగతాగేవాళ్లలో పులిపిర్లు మొండికేస్తాయి. మానడానికి ఇదీ ఒక కారణమే. పులిపిర్లు పూర్తిగా పోయేదాకా కలయికకు దూరంగా ఉండటం మంచిది.

గర్భిణులు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. పోడోఫిల్లోటాక్సిన్, పోడోఫిలిన్ కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు కాబట్టి వాడరు. ఇమిక్విమోడ్ కూడా సాధారణంగా వద్దంటారు. క్రయో, ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ చేయొచ్చు. గర్భం సమయంలో పులిపిర్లు వేగంగా పెరగడం, కాన్పు తర్వాత తగ్గిపోవడం చూస్తుంటాం. పులిపిర్లున్నాయన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయరు. బిడ్డ దారికి అడ్డొచ్చేంత పెద్దవైతేనో, ఎక్కువగా రక్తం పోయే ప్రమాదముంటేనో ఆ నిర్ణయం తీసుకుంటారు.

ప్రైవేటులో ఖర్చు పెట్టుకోలేనివాళ్లు, నలుగురిలో పేరు పడుతుందని జంకేవాళ్లు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోని చర్మ, సుఖవ్యాధుల విభాగానికి వెళ్లొచ్చు. అక్కడే సురక్ష క్లినిక్ అన్న బోర్డుతో సుఖవ్యాధులకు ఉచితంగా సలహా, పరీక్ష, మందు ఇచ్చే గదులుంటాయి. వివరాలు గోప్యంగా ఉంచుతారు.

భార్యకు ఎలా చెప్పాలి?

రెండో వారంలో అతను భార్యకు చెప్పాడు. ఆమె వయసు 25. మొదట మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఏవండీ, నాకూ వచ్చి ఉంటుందా?" ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఎవరి నుంచి ఎవరికి అన్న చర్చే పెట్టలేదు. ఇది ఎవరి తప్పూ కాదని, తేదీ తేల్చలేమని ఇద్దరికీ ఒకేసారి చెప్పారు. ఒకరి ద్వారా విన్నప్పటికంటే ఇద్దరూ కలిసి విన్నప్పుడు ఆ మాటకు బలం ఉంటుంది.

ఆమెను స్త్రీల డాక్టరు పరీక్షించారు. లోపలి పెదవుల మీద రెండు వైపులా సమానంగా ఉన్న చిన్న మొలకలు చూసి ఆమె హడలిపోయింది. అవి పైన చెప్పుకున్న సహజమైన మొలకలే. మందు అక్కర్లేదు. పులిపిర్లేమీ లేవు. అంటే వైరస్ సోకలేదని కాదు. కలిసి ఉంటున్న భార్యాభర్తలకు ఈపాటికి ఆ వైరస్ ఇద్దరికీ ఉండే అవకాశమే ఎక్కువ. బుడిపెలు లేనప్పుడు మందేమీ వేయరు. కనిపిస్తే రమ్మంటారు.

భర్తకు పులిపిర్లు వచ్చాయి కాబట్టి ఆమె ప్రత్యేకంగా క్యాన్సర్ పరీక్షలకు పరుగెత్తాల్సిన పని లేదు. వయసును బట్టి అందరు ఆడవాళ్లూ చేయించుకోవాల్సిన పరీక్షే ఆమెకూ వర్తిస్తుంది. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఆడవాళ్లు 5 ఏళ్లకోసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. పులిపిర్లు వచ్చినా, రాకపోయినా, టీకా వేయించుకున్నా, లేకపోయినా ఈ పరీక్ష మానకూడదు.

టీకా గురించి అడిగే ప్రశ్నలు

"టీకా వేయించుకుంటే ఉన్న పులిపిర్లు పోతాయా?" అని అతను అడిగాడు. పోవు. టీకా రాబోయే వైరస్‌ను అడ్డుకుంటుంది. వచ్చేసినదాన్ని తరమలేదు. అతనికి ఇప్పటికే 28 ఏళ్లు. టీకా ప్రయోజనం వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే అప్పటికే కొన్ని రకాలు సోకి ఉంటాయి. 26 దాటినవాళ్లు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిందే. భార్యకు 25. ఆమెకు ఒక రకం సోకి ఉన్నా, మిగతా రకాల నుంచి, ముఖ్యంగా క్యాన్సర్ తెచ్చే 16, 18 నుంచి టీకా కాపాడగలదు. అందుకే ఆమెకు డాక్టరు వేయించుకోమన్నారు. గర్భం వస్తే మిగతా డోసులు కాన్పు తర్వాతకు వాయిదా వేస్తారు.

అన్ని హెచ్‌పీవీ టీకాలూ పులిపిర్లను ఆపవు. 16, 18 రెండింటికే పనిచేసే టీకా క్యాన్సర్ నుంచి కాపాడుతుంది గానీ పులిపిర్ల నుంచి కాదు. 6, 11, 16, 18 నాలుగూ ఉన్న గార్డసిల్, పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ రెండిటినీ ఆపుతాయి. తొమ్మిది రకాల గార్డసిల్ కూడా అంతే. సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 26 ఏళ్ల అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా వేయొచ్చు. 14 ఏళ్ల లోపు 6 నెలల తేడాతో 2 డోసులు. 15 దాటితే మొదటిది, 2 నెలలకు రెండోది, 6 నెలలకు మూడోది.

అతని అక్కకు 13 ఏళ్ల కూతురు, 11 ఏళ్ల కొడుకు. సంగతి తెలిశాక ఆమె అడిగిన ప్రశ్నలు మన ఇళ్లలో ప్రతి తల్లీ అడిగేవే. ఇంత చిన్నపిల్లకు ఇప్పుడే ఎందుకు? వైరస్ తగలకముందే వేస్తేనే టీకా పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి. పైగా ఆ వయసులో శరీరం యాంటీబాడీలను ఎక్కువగా తయారుచేస్తుంది, అందుకే డోసులు కూడా తక్కువ చాలు. పిల్లలు పుట్టకుండా పోతారా? లేదు. టీకాలో బతికున్న వైరస్ లేదు, వైరస్ జన్యుపదార్థమూ లేదు. వైరస్ పైపొరలోని ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. దానివల్ల జబ్బు రాదు, సంతానశక్తి తగ్గదు. ఇబ్బందులు? చెయ్యి నొప్పి, వాపు, ఒక రోజు జ్వరం. కొందరు పిల్లలు సూది భయానికి కళ్లు తిరిగి పడిపోతారు. అందుకే వేసిన తర్వాత 15 నిమిషాలు కూర్చోబెడతారు.

ఆ తర్వాత ఆమె కొంచెం గొంతు తగ్గించి అడిగింది: "ఖమ్మంలో ఈ టీకా వల్లే కదా పిల్లలు చనిపోయారు?"

ఖమ్మంలో జరిగింది ఏమిటి?

ఈ ప్రశ్నను దాటేయకూడదు. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలు సుమారు 14 వేల మందికి గార్డసిల్ వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే నడిచింది. రెండు చోట్లా కలిపి 7 మంది అమ్మాయిలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది.

విచారణ కమిటీ ఆ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. నీళ్లలో మునిగి, పాము కాటుతో, పురుగుమందు తాగి, మలేరియాతో ఇలా కారణాలు వేర్వేరుగా ఉన్నాయి. టీకాకు సంబంధం ఉన్నట్టు ఆధారం కనిపించలేదు. కానీ మరో తప్పు బయటపడింది. చాలామంది గిరిజన విద్యార్థినుల తరఫున తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. ఇంటివాళ్లకు టీకా ఏమిటో సరిగా చెప్పలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఆ కోపం న్యాయమైనదే. బిడ్డకు వేసే సూది గురించి తెలుసుకునే హక్కు భద్రాచలం తల్లికీ ఉంటుంది. టీకా తప్పు, అనుమతి తీసుకోవడంలో జరిగిన తప్పు రెండూ ఒకటి కావని తేల్చి చెప్పకపోవడం వల్ల మాత్రం పదేళ్లకు పైగా మన ఊళ్లలో భయం మిగిలిపోయింది.

ఆ నిలుపుదలకు అనుకోని ఫలితం కూడా ఒకటి వచ్చింది. అదే సమయంలో 2 డోసులు చాలా, 3 కావాలా అని తేల్చడానికి దేశంలో 9 చోట్ల ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది. హైదరాబాద్ కేంద్రం కూడా అందులో ఒకటి. ఆదేశం వల్ల దానిలోనూ టీకాలు మధ్యలో ఆగిపోయాయి. దాదాపు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే అందింది. పరిశోధకులు వాళ్లను వదిలేయలేదు, ఏళ్ల తరబడి గమనించారు. పదేళ్ల తర్వాత చూస్తే 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆపడంలో ఒక్క డోసు కూడా రెండు, మూడు డోసులకు దీటుగా నిలిచింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్లవారికి ఒక్క డోసు సరిపోవచ్చని చెప్పడానికి పనికొచ్చిన ఆధారాల్లో ఇదీ ఉంది. ఆ ఆధారం ఎక్కువగా క్యాన్సర్ రకాల గురించి. పులిపిర్ల విషయంలో టీకా పెట్టె మీద రాసిన డోసులే వేయించడం మంచిది.

కొడుకుకు ఎందుకు?

అక్క చివరి ప్రశ్న అదే. కూతురికి సరే, వీడికెందుకు? మగపిల్లలకు కూడా పులిపిర్లు వస్తాయి. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లలో కొన్నిటికి హెచ్‌పీవీ కారణం. ఒకరు ఆపితే మరొకరికి ఎలా మేలు జరుగుతుందో చూపించిన దేశం ఆస్ట్రేలియా. అక్కడ 2007లో అమ్మాయిలకు స్కూళ్లలో నాలుగు రకాల టీకా మొదలుపెట్టారు. ఆ ఏడాది సుఖవ్యాధుల క్లినిక్‌లకు వచ్చిన 21 ఏళ్ల లోపు అమ్మాయిల్లో 11.5 శాతం మందికి పులిపిర్లు ఉండేవి. 2011కల్లా అది 0.85 శాతానికి పడిపోయింది. అదే వయసు అబ్బాయిల్లో, అప్పటికి ప్రభుత్వ టీకా అందనివాళ్లలో, 12.1 శాతం నుంచి 2.2 శాతానికి తగ్గింది. వైరస్ పాకడానికి కావాల్సిన తోవ మూసుకుపోయింది కాబట్టి వాళ్లూ బయటపడ్డారు. తర్వాత 2013లో అబ్బాయిలకు కూడా టీకా మొదలుపెట్టారు.

మన దేశంలో అంత విస్తృతంగా అమ్మాయిలకు ఇంకా టీకా అందలేదు. అమ్మాయిలు టీకా వేసుకుంటే అబ్బాయిలు వాటంతట అవే బయటపడతారన్న ధీమా ఇక్కడ పెట్టుకోలేం. కుటుంబం ఖర్చు ఇద్దరికీ సరిపోకపోతే ముందు కూతురికి వేయించాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ప్రమాదం ఆమెకే. వీలైతే కొడుకుకు కూడా. అక్క ఇద్దరికీ వేయించింది. రెండో డోసు 6 నెలల తర్వాత ఏ తేదీన పడుతుందో చూసి క్యాలెండరులో గుర్తు పెట్టుకుంది. అక్కడ వైరస్‌కు లేని తేదీ టీకాకు ఉంటుంది. దాన్ని దాటిపోనివ్వకపోతే చాలు.